గురుత్వ తరంగాల పేపర్‌కి నాలుగు వాక్యాల కాప్షన్: ఈ ముసాయిదాలో ఏది నిలుస్తుంది, ఏది తీసెయ్యాలి?

ఫిజిక్స్_పేజీ
మా యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగానికి జనం చూసే పేజీ ఒకటుంది. అందులో పేరున్న పేపర్ల నుంచి ఒక్కో బొమ్మ తీసుకుని, కింద నాలుగు వాక్యాల కాప్షన్‌తో పెడుతున్నాం. చదివేవాళ్లలో ఇంటర్ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఎక్కువ. ఈసారి వంతు, అమెరికాలో రెండు చోట్ల పరికరాలు పెట్టిన లైగో వాళ్లు 2016లో గురుత్వ తరంగాల మీద, అంటే స్థలాన్నే సాగదీస్తూ, కుదిస్తూ వచ్చే అలల మీద వేసిన పేపర్‌ది. బొమ్మ అందులోని మొదటిదే, వంకర గీతలు ఉండేది. పేజీ కమిటీ నుంచి నాకు వచ్చిన ముసాయిదా ఇది:

"130 కోట్ల ఏళ్ల క్రితం రెండు కృష్ణబిలాలు ఢీకొన్న శబ్దాన్ని శాస్త్రవేత్తలు మొట్టమొదటిసారి విన్నారు. ఈ బొమ్మలో కనిపిస్తున్నవే ఆ తరంగాలు. భూమిని చేరేసరికి అవి ప్రోటాన్‌లో వెయ్యో వంతు కదలికగా మిగిలాయి. 99.9999 శాతం ఖచ్చితత్వంతో ఐన్‌స్టీన్ చెప్పింది నిజమని రుజువైంది."

మా ప్రొఫెసర్ చదివి, "పేపర్ ఈ మాటలు చెప్పలేదు" అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపారు. ఏ మాటలో వివరించలేదు. వాక్యం వాక్యం పట్టుకుని చూద్దామంటే నాకు నాలుగూ అనుమానంగానే ఉన్నాయి. సాదాగా ఉండాలి, అబద్ధం కాకూడదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

తేటతెలుగు
నేను పత్రికలో సైన్స్ పేజీ దిద్దుతాను. నాకు ఈ ముసాయిదా నచ్చింది. మొదటి వాక్యంలోనే కథ ఉంది. మీ ప్రొఫెసర్‌గారికి కావలసినట్టు రాస్తే మీ ప్రొఫెసర్‌గారే చదువుతారు.

థీసిస్_టెన్షన్
కాప్షన్ బొమ్మ కిందే రావాలి, పట్టికకైతే పైన రావాలి. "పటం 1." అని పెట్టి చుక్క తర్వాత మొదలుపెట్టండి. ఫాంట్ ఒక సైజు తగ్గించాలి. మా గైడ్ దీనికే రెండుసార్లు తిప్పి పంపారు.

ఫిజిక్స్_పేజీ
@థీసిస్_టెన్షన్ థీసిస్‌లో పెట్టే కాప్షన్ కాదండీ, వెబ్ పేజీలో మామూలు జనం చదివేది. విషయం ఎలా చెప్పాలన్నదే సమస్య, అమరిక ఎవరో చూసుకుంటారు.

థీసిస్_టెన్షన్
ఓ, సరే. అయినా ఫాలో అవుతున్నా, నాకూ పనికొస్తుంది.

సిగ్మా5
నాలుగో వాక్యం తప్ప మిగతావి ఫర్వాలేదు. పేపర్‌లో 5.1 సిగ్మా అని ఉంది, ఫలితం ఎంత గట్టిదో చెప్పే గణాంక కొలమానం అది. దాన్ని శాతంలోకి మారిస్తే 99.9999 కంటే ఇంకా ఎక్కువ తొమ్మిదులు వస్తాయి. కాబట్టి సంఖ్య సరిచేస్తే చాలు, వాక్యం అలాగే ఉంచొచ్చు.

అలలమాస్టారు
తొమ్మిదులు ఎన్ని వేసినా ఆ వాక్యం నిలబడదు. ఈ సిగ్నల్ డేటాతో కొన్నాళ్లు పనిచేశాను కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

5.1 సిగ్మా ఏ ప్రశ్నకి జవాబో చూడాలి. ఆ ప్రశ్నలో ఐన్‌స్టీన్ లేడు. "అక్కడ తరంగం ఏదీ రాకుండా, పరికరాల నాయిస్ మాత్రమే ఉండి ఉంటే, రెండు చోట్లా ఇంత బలమైన జోడీ సంకేతం కాకతాళీయంగా ఎంత అరుదుగా పుడుతుంది?" అన్నదే ప్రశ్న. జవాబు: 2,03,000 ఏళ్లకు ఒకసారి కంటే తక్కువ.

అన్ని ఏళ్లు ఎవరూ కూర్చుని చూడలేదు. వాళ్ల చేతిలో ఉన్నది రెండు పరికరాలూ కలిసి పనిచేసిన 16 రోజుల డేటా. ఒక పరికరం డేటాని రెండోదానితో పోలిస్తే కాలంలో కాస్త జరిపారు. ఆ జరుపు, తరంగం ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడానికి పట్టే సమయం కంటే ఎక్కువ. అలా జరిపాక రెండిట్లోనూ ఒకేసారి ఏదైనా కనిపిస్తే అది కచ్చితంగా కాకతాళీయమే. ఎంతెంత జరపాలో మారుస్తూ మళ్లీ మళ్లీ లెక్కేస్తే లక్షల ఏళ్ల విలువైన నకిలీ పరిశీలన తయారవుతుంది. అంత నాయిస్‌లోనూ ఇంత బలమైన జోడీ ఒక్కటీ రాలేదు. అందుకే "ఇంతకంటే తక్కువ" అనే హద్దు మాత్రమే చెప్పగలిగారు.

ఇప్పుడు "99.9999 శాతం ఐన్‌స్టీన్ నిజం" అన్న మాటకీ దీనికీ సంబంధం ఎక్కడుంది?

సిగ్మా5
సరే, ఐన్‌స్టీన్‌ని తీసేద్దాం. "ఇది నిజమైన తరంగం కావడానికి 99.9999 శాతం అవకాశం ఉంది" అనొచ్చుగా?

కొలతలరాణి
అది కూడా అనకూడదండీ. నాయిస్ ఒక్కటే ఉందనుకుంటే ఇలాంటిది కనబడే అవకాశం ఎంత అన్నది ఒక లెక్క. ఇలాంటిది కనబడింది కాబట్టి అది నాయిస్ అయ్యే అవకాశం ఎంత అన్నది ఇంకో లెక్క. మొదటిదే పేపర్‌లో ఉంది. రెండోది కావాలంటే ఇలాంటి విలీనాలు విశ్వంలో ఎంత తరచుగా జరుగుతాయో కూడా ముందు తెలియాలి.

మొదటి లెక్క మీరే వేసి చూసుకోవచ్చు. 2,03,000 ఏళ్లంటే సుమారు 7.4 కోట్ల రోజులు. పరిశీలన 16 రోజులు. భాగిస్తే 46 లక్షల్లో ఒకటి వస్తుంది. పేపర్ దాన్ని గుండ్రంగా 2×10⁻⁷ కంటే తక్కువ అని ఇచ్చింది, 5.1 సిగ్మా అన్నది దానికి ఇంకో రూపం.

సిగ్మా5
అంటే 2 లక్షల ఏళ్ల ముక్క, 5.1 ముక్క రెండూ ఒకటేనన్నమాట. ఇప్పటిదాకా రెండు వేర్వేరు ఆధారాలనుకున్నాను. అయితే కాప్షన్‌లో 2 లక్షల ఏళ్లు పెట్టండి, జనానికి బాగా అందుతుంది.

ఊరికే_చూస్తున్నా
2 లక్షల ఏళ్లకు ఒకసారి అని చదివితే, కృష్ణబిలాలు 2 లక్షల ఏళ్లకు ఒకసారి ఢీకొంటాయని అర్థం చేసుకుంటాను నేనైతే.

తేటతెలుగు
@ఊరికే_చూస్తున్నా నిజమే, పాఠకుడు అలాగే అనుకుంటాడు. నా ఓటు: ఆ సంఖ్యని కాప్షన్‌లోకి రానివ్వొద్దు. వివరించడానికి మూడు వాక్యాలు పట్టే సంఖ్యకి నాలుగు వాక్యాల కాప్షన్‌లో చోటు లేదు.

అలలమాస్టారు
ఒప్పుకుంటాను. కాప్షన్‌లో ఉన్న సంఖ్యకి పాఠకుడు తనంతట తానే అర్థం చెప్పుకుంటాడు, పక్కన మనం ఉండం. 2,03,000 ఏళ్లని తప్పు అర్థంలో తీసుకోవడమే సులువు.

నిద్రలేని_నీరజ
మా విభాగంలో జరిగింది చెప్తాను, సంబంధం ఉంది కాబట్టే. మాది ఫిజిక్స్ కాదు, నిద్ర మీద పనిచేసే గుంపు. రాత్రి ఫోన్ ఎక్కువ వాడేవాళ్లలో నిద్ర తక్కువగా ఉన్నట్టు కనిపించిందని ఒక పేపర్. ప్రశ్నావళి ఆధారంగా చేసిన పని, అంతకుమించి కాదు. పేజీ చూసే వాళ్లు "ఫోన్ మీ నిద్రని దొంగిలిస్తోంది" అని కాప్షన్ పెట్టారు. నిద్ర పట్టనివాళ్లే ఫోన్ పట్టుకుంటున్నారేమో అన్న సందేహం పేపర్‌లో రచయితలే రాసుకున్నారు! కాప్షన్ చదివినవాళ్లు ఆ పేపర్ తెరవలేదు. తర్వాత ఆ కాప్షనే అందరి నోళ్లలో నానింది, పేపర్ సంగతి ఎవరికీ పట్టలేదు.

అందుకే నేను క్రియాపదం దగ్గర ఆగుతాను. పేపర్ సారాంశంలో ప్రధాన క్రియ ఏదో చూసి, కాప్షన్‌లో అంతకంటే బలమైనది వాడను. మీ పేపర్‌లో ఐన్‌స్టీన్ గురించి ఏ క్రియ ఉంది?

ఫిజిక్స్_పేజీ
ఇప్పుడే తెరిచి చూశాను. రెండు కృష్ణబిలాలు చుట్టుకుంటూ వచ్చి కలిసిపోతే ఎలాంటి తరంగరూపం రావాలని సాధారణ సాపేక్ష సిద్ధాంతం చెబుతుందో, ఈ సంకేతం దానికి సరిపోలిందని ఉంది. "రుజువు" అన్న అర్థమిచ్చే మాట అక్కడ లేదు.

నిద్రలేని_నీరజ
అయితే "సరిపోలింది" అనే రాయండి. మామూలు మాటే కదా, చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది.

అలలమాస్టారు
నీరజగారి పద్ధతి బాగుంది. బొమ్మలో దానికి ఆధారం కూడా కనిపిస్తుంది. పై వరసలో పరికరాలు నమోదు చేసిన గీతలు, రెండో వరసలో సిద్ధాంతం లెక్కగట్టిన గీత. మూడో వరసలో మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలింది. ఆ మిగిలింది నాయిస్‌లా గజిబిజిగా ఉంది తప్ప అందులో ఏ ఆకారమూ మిగల్లేదు. సరిపోలడమంటే ఇదే. సిద్ధాంతం ఈ పరీక్షలో నెగ్గింది. ఇంకో సిద్ధాంతం ఇదే గీతని ఇవ్వలేదని మాత్రం ఈ బొమ్మ చెప్పదు.

ఇక "మొట్టమొదటిసారి" అన్నదానికి "నేరుగా" చేర్చండి. 1974లో హల్స్, టేలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జంట పల్సార్‌ని, అంటే ఇంకో నక్షత్రంతో జంటగా తిరుగుతూ రేడియో స్పందనలు పంపే నక్షత్రాన్ని కనిపెట్టారు, దాని కక్ష్య ఏళ్ల తరబడి చిన్నదవుతూ వచ్చింది. గురుత్వ తరంగాలు శక్తిని మోసుకుపోతే ఎంత చిన్నదవ్వాలో అంతే అయింది. దాంతో తరంగాలున్నాయని పరోక్షంగా ముందే తెలుసు. ఆ ఇద్దరికీ 1993లో నోబెల్ వచ్చింది కూడా. లైగో చేసింది నేరుగా పట్టుకోవడం. రెండు కృష్ణబిలాలు కలిసిపోవడాన్ని చూడడం మాత్రం ఏ విధంగానైనా అదే మొదలు.

ఊరికే_చూస్తున్నా
"నేరుగా" అనే ఒక్క మాట వెనక ఇంత కథ ఉందా.

చెవిచదువు
రెండో వాక్యం గురించి. నేను స్క్రీన్ రీడర్‌తో వింటూ చదువుతాను. "ఈ బొమ్మలో కనిపిస్తున్నవే ఆ తరంగాలు" అంటే నాకు ఏమీ అందదు. గీతలెన్ని, ఏ వైపు పోతున్నాయి, ఎక్కడ పెరిగి ఎక్కడ ఆగాయి? మామూలుగా కాప్షన్‌లో "ఎరుపు గీత చూడండి" అని రాస్తారు, బొమ్మకి పెట్టే ప్రత్యామ్నాయ వచనంలో మళ్లీ అదే కాప్షన్ అతికిస్తారు. ఒకటే రెండుసార్లు వింటాను. బొమ్మ మాత్రం ఒక్కసారీ తెలియదు.

ఫిజిక్స్_పేజీ
@చెవిచదువు మేమూ ఇప్పటిదాకా అలాగే అతికిస్తున్నాం. ఈసారి విడిగా రాస్తాం. ఏం ఉంటే మీకు బొమ్మ అందుతుంది?

చెవిచదువు
ఆకారం చెప్పండి. అర్థం కాప్షన్ చెబుతుంది. "ఎడమ నుంచి కుడికి గీత మొదట చిన్నగా, నిదానంగా ఊగుతుంది, ఊపు పెరుగుతూ దగ్గరదగ్గరవుతుంది, ఒక చోట గరిష్ఠానికి వెళ్లి వెంటనే చదునైపోతుంది" అన్నారనుకోండి, నేను వేలితో గాలిలో గీసుకోగలను. నేను చెప్పింది సరైనదేనా అసలు? ఈ సంకేతాన్ని శబ్దంగా మార్చి లైగో వాళ్లు పెట్టిన ఫైలు విని ఊహించి రాశాను.

అలలమాస్టారు
@చెవిచదువు చాలా సరిగ్గా చెప్పారు. 0.2 సెకన్లలో సుమారు 8 ఊపులు. ఊపుల వేగం సెకనుకు 35 నుంచి 150 దాకా పెరిగి, అక్కడ ఎత్తు గరిష్ఠానికి చేరుతుంది, ఆ తర్వాత అణిగిపోతుంది. ఆ ఆకారమే కృష్ణబిలాల కథ. చుట్టుకుంటూ దగ్గరైనకొద్దీ వేగం పెరుగుతుంది, కలిసిపోయాక ఆగిపోతుంది.

ముసాయిదాలో రెండో వాక్యానికి ఇంకో చిక్కుంది. బొమ్మలో ఉన్నది పరికరం నుంచి వచ్చినది వచ్చినట్టు కాదు. సెకనుకు 35 నుంచి 350 ఊపుల మధ్య ఉన్నదాన్ని మాత్రమే ఉంచి మిగతాది వడకట్టారు. పరికరం సొంతంగా చేసే కొన్ని గట్టి స్వరాలని కూడా తీసేశారు. వడకట్టకపోతే నేల కదలికల్లాంటి నిదానమైన ఊగిసలాటల్లో ఈ సంకేతం కంటికి ఆనదు. ఇంకొకటి, కుడివైపు పై బొమ్మలో హాన్‌ఫర్డ్‌లోని పరికరం గీతని 6.9 మిల్లీసెకన్లు జరిపి, తలకిందులు చేసి లివింగ్‌స్టన్‌లోని పరికరం గీత మీద వేశారు.

ఊరికే_చూస్తున్నా
ఆగండి. జరిపి, తలకిందులు చేసి, ఆపైన "చూశారా రెండూ ఒకేలా ఉన్నాయి" అనడమా? ఇది సరైన పనేనా?

అలలమాస్టారు
అడగాల్సిన ప్రశ్నే. కాప్షన్‌లో ఈ ముక్క చెప్పకపోతే తర్వాత ఎవరో బయటపెట్టినట్టు చెబుతారు, అప్పుడు నిజంగానే మోసంలా వినిపిస్తుంది.

జరపడం దేనికంటే, రెండు చోట్ల మధ్య దూరం సుమారు 3,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో వచ్చేదానికి ఆ దూరం దాటడానికి ఎక్కువలో ఎక్కువ 10 మిల్లీసెకన్లు పడుతుంది. తరంగం వాలుగా వస్తే అంతకంటే తక్కువ తేడా రావాలి. 6.9 ఆ హద్దు లోపలే ఉంది. 15 వచ్చి ఉంటే ఇది తరంగం కాదని పక్కన పెట్టేవాళ్లు. తలకిందులు చేయడం దేనికంటే, ఒక్కో పరికరానికి ఎల్ ఆకారంలో రెండు పొడవాటి గొట్టాలుంటాయి, వాటినే చేతులంటాం, రెండు పరికరాల చేతులూ నేల మీద వేర్వేరు దిక్కుల్లో పరిచి ఉన్నాయి. ఒకదానిలో సాగినట్టు నమోదయ్యేది రెండోదానిలో కుంచించుకున్నట్టు నమోదవుతుంది. ఈ రెండు సవరణలూ పేపర్‌లో బొమ్మ కిందే రాసి ఉన్నాయి, దాచిందేమీ లేదు. డేటా కూడా అందరికీ అందుబాటులో పెట్టారు, ఎవరైనా దింపుకుని వడకట్టి చూసుకోవచ్చు.

తేటతెలుగు
అయితే ఈ సంగతి కాప్షన్‌లో ఉండాల్సిందే. చెప్పేది ఒక్క వాక్యంలో చెప్పండి: "పోల్చడానికి వీలుగా ఒక గీతను కాస్త జరిపి, తలకిందులు చేసి చూపారు". చాలు. వడపోత గురించి ఇంకో మూడు మాటలు.

మొదటి వాక్యంలో "విన్నారు" మాత్రం వదలను. ఈ ఊపుల వేగం మనిషి చెవికి వినిపించే పరిధిలోనే ఉందిగా? లైగో వాళ్లే శబ్దంగా మార్చి వినిపించారు. చెవిచదువుగారు కూడా విన్నారు.

అలలమాస్టారు
వినిపించారు, నిజమే. ఆ శబ్దం మన స్పీకర్‌లో పుట్టింది. అంతరిక్షంలో శబ్దం ప్రయాణించలేదు, పరికరంలో మైకూ లేదు. "శబ్దాన్ని విన్నారు" అని చదివిన ఇంటర్ పిల్లవాడు శూన్యంలో శబ్దం ప్రయాణిస్తుందని తీసుకుంటాడు. వాళ్ల పాఠ్యపుస్తకం ప్రయాణించదని చెబుతుంది. ఇప్పుడు వాడు ఎవరిని నమ్మాలి?

తేటతెలుగు
"సంకేతాన్ని శబ్దంగా మార్చి వినొచ్చు" అని, ఆడియో లింకు ఇస్తే?

చెవిచదువు
అది నాకు ఇష్టం. ఇస్తే తప్పకుండా ఇవ్వండి. బొమ్మ కంటే నాకు అదే ఎక్కువ చెప్పింది.

అలలమాస్టారు
అలా అయితే నాకు అభ్యంతరం లేదు. మొదటి వాక్యంలో మాత్రం వద్దు.

కొలతలరాణి
మూడో వాక్యం, ప్రోటాన్ సంగతి ఎవరూ ముట్టలేదు. లెక్క వేశాను. సాగుదల, అంటే పొడవులో వచ్చిన మార్పుని మొత్తం పొడవుతో భాగిస్తే వచ్చేది, గరిష్ఠంగా 1.0×10⁻²¹. చేయి పొడవు 4 కిలోమీటర్లు.

10⁻²¹ × 4,000 మీటర్లు = 4×10⁻¹⁸ మీటర్లు.

ప్రోటాన్ వ్యాసం సుమారు 1.7×10⁻¹⁵ మీటర్లు. భాగిస్తే 425 వస్తుంది. అంటే ప్రోటాన్‌లో సుమారు 400వ వంతు, వెయ్యో వంతు కాదు. అన్నిచోట్లా వెయ్యి అని ఎలా వస్తోంది?

సిగ్మా5
నేను పదివేలో వంతు అని చదివాను!

అలలమాస్టారు
మూడింటికీ మూలం ఉంది. రాణిగారి 4×10⁻¹⁸ అన్నది రెండు చేతుల పొడవుల మధ్య తేడా. పేపర్‌లో సాగుదలకి నిర్వచనం ఆ తేడా మీదే ఉంది. ఒక చేయి సాగితే రెండోది కుంచించుకుంటుంది కాబట్టి ఒక్కో చేతికి గరిష్ఠంగా వచ్చేది అందులో సగం, 2×10⁻¹⁸. అప్పుడు ప్రోటాన్‌లో 850వ వంతు, గుండ్రంగా వెయ్యి అనేస్తారు. పదివేలో వంతు అన్నది పరికరం ఎంత చిన్న మార్పుని పట్టగలదో చెప్పేటప్పుడు వాడేది, ఈ సంకేతం పరిమాణం కాదు.

కొలతలరాణి
అయితే "ప్రోటాన్‌లో కొన్ని వందల వంతు" అంటే దేని పొడవో చెప్పకపోయినా రెండు లెక్కలకీ సరిపోతుంది.

ఊరికే_చూస్తున్నా
"కొన్ని వందల వంతు" అంటే వందల రెట్లు అనుకుంటారు. "ప్రోటాన్ వ్యాసంలో కొన్ని వందలో వంతు కంటే..." ఊహూఁ, అది కూడా పలకడం లేదు.

తేటతెలుగు
"4 కిలోమీటర్ల పొడవులో వచ్చిన తేడా ప్రోటాన్ కంటే వందల రెట్లు చిన్నది." తేడా అన్నాం కాబట్టి రాణిగారి లెక్కకీ సరిపోతుంది.

కొలతలరాణి
👍 దీన్ని ఒప్పుకుంటాను. "పొడవులో" కాకుండా "చేతుల పొడవుల మధ్య" అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది, మాట కాస్త బరువెక్కుతుందంటే మీ ఇష్టం.

సిగ్మా5
ఇంకో అనుమానం. పేపర్‌లో 36, 29 సూర్యుల బరువున్నవి కలిసి 62 అయ్యాయని, 3 సూర్యుల బరువు తరంగాలుగా పోయిందని ఉంది. ఆ 62కి అటూ ఇటూ 4 అని హద్దు ఇచ్చి, 3కి మాత్రం 0.5 అని ఎలా ఇస్తారు? అంత అనిశ్చితి ఉన్న సంఖ్యల్ని తీసివేస్తే జవాబులో అనిశ్చితి పెరగాలి కదా?

అలలమాస్టారు
ఆ సంఖ్యల్లోని అనిశ్చితులు విడివిడివి కావు. మొత్తం బరువు కాస్త ఎక్కువనుకుంటే కలిసిన తర్వాతి బరువు కూడా దాంతోపాటే పెరుగుతుంది, తేడా అంతగా కదలదు. విడివిడిగా కొలిచి తీసివేసిన లెక్క కాదది. మీ ప్రశ్న బాగుంది కానీ కాప్షన్‌లో ఈ సంఖ్యలన్నీ పెడితే ప్రతి పాఠకుడూ 65 నుంచి 62 తీసేసి అక్కడే ఆగిపోతాడు. "మూడు సూర్యుల బరువంత పదార్థం తరంగాల శక్తిగా మారింది" అన్నది ఒక్కటే చాలు, అదీ చోటుంటే.

నిద్రలేని_నీరజ
130 కోట్ల ఏళ్ల సంగతో? దానికి హద్దులున్నాయా?

కొలతలరాణి
ఉన్నాయి, చాలా వెడల్పుగా. దూరం 410 మెగాపార్సెక్‌లు, పైకి 160, కిందికి 180. ఒక మెగాపార్సెక్ 32.6 లక్షల కాంతి సంవత్సరాలు. నడిమి విలువ 134 కోట్లు. కింది హద్దు 75 కోట్లు, పై హద్దు 186 కోట్లు. "130 కోట్ల ఏళ్ల క్రితం" అంటే తేదీ తెలిసినట్టు వినిపిస్తుంది.

తేటతెలుగు
"సుమారు" చేర్చితే సరిపోదా?

కొలతలరాణి
75 నుంచి 186 దాకా ఉన్నదాన్ని "సుమారు 130" అంటే 125, 135 మధ్య అనుకుంటారు. "సుమారు వంద కోట్ల" అంటే కాస్త మేలు, గుండ్రంగా ఉన్న సంఖ్యని ఎవరూ కొలతగా తీసుకోరు.

అలలమాస్టారు
పైగా ఆ దూరం తరంగం ఎంత బలహీనపడి చేరిందన్న దాన్నిబట్టి అంచనా కట్టినది. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి దాన్ని నేరుగా ఏళ్లలోకి మార్చకూడదు, ఏళ్ల లెక్క కాస్త తక్కువే వస్తుంది. ఇక్కడ ఆ తేడా కంటే హద్దుల వెడల్పే ఎక్కువ కాబట్టి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. "వంద కోట్ల ఏళ్ల క్రితం ప్రాంతంలో" నాకు సరే.

తేటతెలుగు
మీరంతా "130 కోట్లు" తీసేసి "వంద కోట్లు" పెడుతున్నారు. లైగో వాళ్లే తమ ప్రకటనలో 1.3 బిలియన్ ఏళ్లు అన్నారు. పాఠకుడు ఆ రెండూ చూసి మీ పేజీదే తప్పనుకుంటాడు. నేను దీనికి ఒప్పుకోను.

ఫిజిక్స్_పేజీ
ఇదిగో ఇప్పటిదాకా వచ్చినదాన్నిబట్టి రాసింది. చూడండి.

కాప్షన్: "2015 సెప్టెంబర్ 14న రెండు లైగో పరిశీలనశాలలు, హాన్‌ఫర్డ్ (ఎరుపు), లివింగ్‌స్టన్ (నీలం), నమోదు చేసిన సంకేతం. నాయిస్‌ను వడకట్టి, పోల్చడానికి వీలుగా ఎరుపు గీతను కాస్త జరిపి, తలకిందులు చేసి చూపారు. రెండు కృష్ణబిలాలు చుట్టుకుంటూ వచ్చి కలిసిపోతే ఎలాంటి తరంగం రావాలని సాధారణ సాపేక్ష సిద్ధాంతం చెబుతుందో, ఇది దానికి సరిపోలింది. గురుత్వ తరంగాలను నేరుగా పట్టుకోవడం ఇదే మొదటిసారి; 4 కిలోమీటర్ల చేతుల పొడవుల మధ్య వచ్చిన తేడా ప్రోటాన్ కంటే వందల రెట్లు చిన్నది."

ప్రత్యామ్నాయ వచనం: "ఒకదాని మీద ఒకటి వేసిన రెండు వంకర గీతలు. ఎడమ నుంచి కుడికి చిన్నగా, నిదానంగా ఊగుతూ మొదలై, ఊపులు పెద్దవై దగ్గరవుతూ గరిష్ఠానికి చేరి, వెంటనే చదునవుతాయి. రెండూ చాలావరకు ఒకే దారిలో పోతాయి."

బొమ్మ మొత్తం పెట్టడం లేదు, కుడివైపు పై భాగం మాత్రమే కత్తిరించి పెడుతున్నాం. అలా వాడుకోవచ్చా?

అలలమాస్టారు
వాడుకోవచ్చు. ఆ పేపర్ క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 3.0 లైసెన్స్ కింద వచ్చింది. రచయితలు, పేపర్ పేరు, పత్రిక వివరాలు, డీఓఐ తప్పకుండా ఇవ్వాలి: `10.1103/PhysRevLett.116.061102`. కత్తిరించారు కాబట్టి "పేపర్‌లోని 1వ బొమ్మలో ఒక భాగం" అని రాయండి. కత్తిరించాక ఇంకో సంగతి చూసుకోండి: రెండో వరస మీ బొమ్మలో ఉండదు కాబట్టి "సరిపోలింది" అన్నదానికి ఆధారం పాఠకుడి కళ్ల ముందు ఉండదు. వాళ్ల కళ్లకి కనిపించేది రెండు పరికరాలూ ఒకదానితో ఒకటి సరిపోలడమే. పాఠకుడు రెండిటినీ కలిపేసుకుంటాడు.

నిద్రలేని_నీరజ
ఇది అసలు గమనించాల్సిన ముక్క. అయితే సిద్ధాంతం గీత ఉన్న రెండో వరసని కూడా ఉంచి కత్తిరించండి.

ఫిజిక్స్_పేజీ
రెండు వరసలూ పెడితే ఫోన్‌లో చాలా చిన్నగా కనిపిస్తోంది. ఇప్పుడే పెట్టి చూశాను, అక్షరాలు చదవలేకపోతున్నాం.

చెవిచదువు
రెండు బొమ్మలుగా, ఒకదాని కింద ఒకటి పెట్టండి. నాకు ఎలాగూ వరసగానే వస్తాయి. రెండోదానికి కూడా వచనం రాయడం మర్చిపోవద్దు.

ఫిజిక్స్_పేజీ
అలా చేస్తాను. "సరిపోలింది" వాక్యం రెండో బొమ్మ కిందికి పోతుంది, మొదటిదాని కింద రెండు పరికరాల సంగతి మాత్రమే ఉంటుంది. మొదటి కాప్షన్‌లో ఒక వాక్యం ఖాళీ అయింది. అందులో దూరం పెట్టమంటారా, మూడు సూర్యుల ముక్క పెట్టమంటారా?

కొలతలరాణి
మూడు సూర్యులు. దానికి హద్దులు ఇరుకు, 2.5 నుంచి 3.5. "సుమారు మూడు" అంటే నిజంగానే సుమారు మూడు.

తేటతెలుగు
దూరం. ఎప్పుడు, ఎక్కడ జరిగిందో లేకుండా జనం ఏ వార్తనీ పట్టించుకోరు. కావాలంటే హద్దులతోనే రాయండి, "75 నుంచి 186 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి". అంత వెడల్పు ఉందని తెలిస్తే జనానికి నష్టమేమీ లేదు, సైన్స్‌లో కొలతలు ఎలా ఉంటాయో కూడా తెలుస్తుంది.

కొలతలరాణి
హద్దులతో రాస్తే నాకూ సరే. అయితే ఆ హద్దులు కూడా పూర్తి గోడలు కావు, అసలు విలువ ఆ మధ్యలో ఉండడానికి 90 శాతం నమ్మకం అని మాత్రమే పేపర్ చెబుతోంది. 186 తర్వాత "బహుశా" అన్న మాట ఒకటి పడాలి.

సిగ్మా5
ఈ 90 శాతం మాత్రం నేరుగా శాతమే కదా? ఇందాకటి 5.1 లాంటిది కాదు?

కొలతలరాణి
ఇది నేరుగా దూరం గురించే, అవును. కావాలంటే విడిగా ఇంకో దారం తెరవండి, ఇది వివరించడం మొదలుపెడితే పేజీవాళ్ల పని ఆగిపోతుంది.